ప్రొఫార్మా పంపమంటే మావాడు టాక్స్ ఇన్‌వాయిస్ పంపాడు, ఇప్పుడు ఆ 18 వేలు నేనే కట్టాలా?

ఆటోనగర్_రాక్స్
మాది విజయవాడ ఆటోనగర్‌లో చిన్న ఫ్యాబ్రికేషన్ షెడ్డు, గోడౌన్లకి స్టీల్ రాక్‌లు చేస్తాం. గుంటూరులో ఒక మందుల హోల్‌సేల్ పార్టీ 12 రాక్‌లు అడిగారు, ఒక్కోటి 8,500, రేటు ఒప్పుకున్నారు, "ప్రొఫార్మా పంపండి, సగం అడ్వాన్స్ వేస్తాం" అన్నారు. నేను ఆ టైములో నూజివీడులో సైట్ మీద ఉన్నా, షెడ్డులో బిల్లులు చూసే కుర్రోడికి ఫోన్ చేసి పంపెయ్ రా అన్నా. వాడు టాలీలో మామూలు సేల్స్ బిల్లు కొట్టి, 1,02,000 మీద 18 శాతం 18,360 కలిపి 1,20,360కి టాక్స్ ఇన్‌వాయిస్ మెయిల్ చేశాడు. మెయిల్లో ఒక్కటే ముక్క, "ఇన్‌వాయిస్ పంపుతున్నాం, చూసుకోండి". అది పోయిన నెల 27న.

ఇప్పుడు వాళ్ళేమో సైజు మార్చాలి, 8 చాలు అంటున్నారు. అడ్వాన్స్ రూపాయి రాలేదు, సరుకు మొదలే పెట్టలేదు. మా ఆడిటర్ ఏమో 18,360 టాక్స్ ఈ 20వ తారీకుకి కట్టాలి అంటున్నాడు. అమ్మని సరుకుకి టాక్స్ ఏంటండి? ప్రొఫార్మాకీ టాక్స్ ఇన్‌వాయిస్‌కీ పైన రాసే పేరు తప్ప తేడా ఏముంది అసలు, రెండిట్లోనూ అవే అంకెలు కదా.

కృష్ణలంక_కుర్రోడు
కుర్రోడి మీద తోసేశారు చూశారా. ఫోన్లో "పంపెయ్ రా" అంటే ఏది పంపాలో వాడికేం తెలుసు 😀

ఆటోనగర్_రాక్స్
ప్రొఫార్మా అనే చెప్పానండి బాబూ. వాడు "పర్ఫార్మెన్స్ ఇన్‌వాయిస్ అంటే ఏంటన్నా" అన్నాడు, గ్రైండర్ సౌండులో నాకు వినపడలా.

బెంజిసర్కిల్_బాస్
సింపుల్ అన్నా. ప్రొఫార్మాలో జీఎస్టీ వేయకూడదు, టాక్స్ ఇన్‌వాయిస్‌లో వేయాలి. అంతే తేడా. జీఎస్టీ వేశాక అది ఏ పేరుతో ఉన్నా కట్టాల్సిందే.

టాలీ_తాత
పైన బాస్ గారు చెప్పింది సగమే కరెక్టు. ప్రొఫార్మాలో జీఎస్టీ చూపించొచ్చు, చూపించాలి కూడా, లేకపోతే పార్టీకి మొత్తం ఎంత అవుద్దో ఎలా తెలుసుద్ది? అడ్వాన్స్ సగం అంటే దేంట్లో సగం? ప్రొఫార్మా అనేది జీఎస్టీ చట్టంలో అసలు లేని కాగితం. మన రిటర్న్‌లో ఎక్కదు, పార్టీకి దాని మీద టాక్స్ క్రెడిట్ రాదు, మన పుస్తకాల్లో అమ్మకం కింద రాయం. "ఇలా అయితే ఇంత అవుద్ది" అని చెప్పే మర్యాద కాగితం, కొంచెం గట్టి కొటేషన్ అనుకోండి.

టాక్స్ ఇన్‌వాయిస్ అలా కాదు. సెక్షన్ 31 ప్రకారం కదిలే సరుకు అయితే షెడ్డులోంచి బయటకి పోయే ముందో, పోయే సమయానికో ఇవ్వాలి. "ముందో" అన్నాడు కాబట్టి ముందే కొట్టడం తప్పేం కాదు, కానీ కొట్టిన రోజుకే టాక్స్ బాధ్యత వచ్చి కూర్చుంటుంది. డబ్బులొచ్చాయా, సరుకు పోయిందా అని పోర్టల్ అడగదు. అందుకే మీ ఆడిటర్ కట్టమంటున్నాడు, ఆయన తప్పేం లేదు.

ఒకటి చెప్పండి. ఆ బిల్లు అమ్మకాల రిటర్న్ జీఎస్టీఆర్-1లో ఎక్కిందా ఇంకా ఎక్కలేదా? మీది నెలవారీయా, మూడు నెలలకోసారా?

ఆటోనగర్_రాక్స్
నెలవారీ అండి. ఇవాళ 9 కదా, 11 వరకు టైముంది అనుకున్నా, అడిగితే ఆడిటర్ నిన్ననే ఫైల్ చేసేశాడంట. మామూలుగా 11న రాత్రి పదకొండింటికి చేసే మనిషి, ఈసారే తొందరపడ్డాడు.

కృష్ణలంక_కుర్రోడు
మీ టైము బాలేదన్నా, దుర్గమ్మకి ఒక కొబ్బరికాయ కొట్టండి

టాలీ_తాత
ఒక్క రోజులో పోయింది. ఫైల్ చేయకముందు అయితే టాలీలో ఆ వోచర్ మీద Alt+X కొట్టి క్యాన్సిల్ చేసేస్తే సరిపోయేది. Alt+D కాదు, అది కొడితే వోచరే మాయం అయిపోద్ది, వరస నంబర్లో ఖాళీ వస్తే రేపు ఎవరన్నా అడిగితే చెప్పుకోలేం. క్యాన్సిల్ అయితే నంబరు ఉంటుంది, జీఎస్టీఆర్-1లో చివర డాక్యుమెంట్ల టేబుల్లో క్యాన్సిల్ అయినవి ఒకటి అని వేస్తే అయిపోయేది.

మీ టర్నోవర్ 5 కోట్ల లోపే అనుకుంటా? దాటితే ఈ-ఇన్‌వాయిస్ గొడవ ఇంకోటి ఉంది, దాన్ని పోర్టల్లో 24 గంటల్లోపే క్యాన్సిల్ చేయగలం.

ఆటోనగర్_రాక్స్
5 కోట్లా. మీ నోటి చలవ వల్ల కావాలి తాతగారూ.

తేజ_మిర్చి_గుంటూరు
ప్రొఫార్మా మర్యాద కాగితం అంటే ఒప్పుకోను. మాది మిర్చి ఎక్స్‌పోర్ట్. మా దగ్గర ప్రొఫార్మా లేకపోతే బ్యాంకు కదలదు, అవతల దేశంలో కొనేవాడు మన ప్రొఫార్మా పట్టుకెళ్ళే వాళ్ళ బ్యాంకులో ఎల్‌సీ, అంటే మన డబ్బుకి బ్యాంకు హామీ, తెరుస్తాడు. అందులో మనం సరుకు పేరు ఎలా రాస్తే ఎల్‌సీలో అక్షరం అక్షరం అలాగే దిగుద్ది. ఒకసారి మావాళ్ళు ప్రొఫార్మాలో తొడిమ తీసిన మిర్చి అని రాసి, చివర్న కమర్షియల్ ఇన్‌వాయిస్‌లో ఒట్టి ఎండుమిర్చి అని రాశారు. బ్యాంకు డాక్యుమెంట్లు తేడాగా ఉన్నాయి అని ఆపేసింది. సరుకు పోర్టులో దిగి కూర్చుంది, డబ్బులు రావట్లా. కొనేవాడు తేడా ఒప్పుకుంటున్నా అని వాళ్ళ బ్యాంకుకి రాసిచ్చేదాకా పదకొండు రోజులు నిద్రలేదు. కాబట్టి అన్నా, మీ పార్టీకి ఎల్‌సీ కావాలేమో కనుక్కోండి.

ఆటోనగర్_రాక్స్
అన్నా మా పార్టీ గుంటూరులోనే, వారధి దాటి గంటలో పోయేంత దూరం. ఎల్‌సీ ఏంటి 😂

తేజ_మిర్చి_గుంటూరు
ఓహో సారీ, సగం చదివి రాశా. కానీ ప్రొఫార్మాలో, ఫైనల్ బిల్లులో సరుకు పేరు ఒకేలా ఉండాలనేది మీకూ పనికొచ్చుద్ది, ఉంచుకోండి.

అకౌంట్స్_అక్క
నేను గుంటూరులోనే ఒక హోల్‌సేల్ ఆఫీసులో కొనుగోళ్ళ లెక్కలు చూస్తా (మీ పార్టీ కాదులే, భయపడకండి). అవతలి వైపు నుంచి ఎలా ఉంటదో చెప్తా. రోజుకి అరవై డెబ్బై మెయిల్స్ వస్తాయి. అందరూ సబ్జెక్ట్‌లో "ఇన్‌వాయిస్", ఫైల్ పేరు ఇన్‌వాయిస్, లోపల "చూసుకోండి". ప్రొఫార్మానా, టాక్స్ ఇన్‌వాయిసా, పాత బిల్లు కాపీనా అని ఒక్కోటి తెరిచి చూడాలి. మా జూనియర్ అమ్మాయి ఒకసారి ప్రొఫార్మాని కొనుగోలు కింద ఎక్కించేసింది, తర్వాత అసలు బిల్లు వస్తే అదీ ఎక్కించింది. ఒకే సరుకుకి రెండు సార్లు పేమెంట్ లిస్టులోకి వచ్చింది, సార్ సంతకం దాకా పోయి ఆగింది.

మీ కేసులో మీ బిల్లు ఈపాటికి వాళ్ళ పోర్టల్లో కనపడుతూ ఉంటుంది. సరుకు రాకుండా మేం క్రెడిట్ తీసుకోకూడదు, అందుకని బుద్ధున్న అకౌంటెంట్ అయితే పోర్టల్లో వచ్చిన బిల్లుల్ని ఒప్పుకునే, ఆపే చోటు ఐఎంఎస్‌లో పెండింగ్‌లో పెడతాడు. మీరు ముందు చేయాల్సిన పని ఆడిటర్ దగ్గరకి పోవడం కాదు, వాళ్ళకి మెయిల్ పెట్టడం. ఆ బిల్లు పొరపాటున వచ్చింది, క్రెడిట్ తీసుకోవద్దు అని. ఫోన్లో చెప్తే అది యజమాని చెవిలో ఆగిపోద్ది, అకౌంట్స్ టేబుల్ దాకా రాదు.

ఆటోనగర్_రాక్స్
అక్కా నిజంగానే పొద్దున వాళ్ళ అకౌంట్స్ నుంచి ఫోన్ వచ్చింది, "మీ బిల్లు పోర్టల్లో కనపడుతోంది, సరుకేది" అని. నేను ఓనర్‌తో మాట్లాడా అని చెప్పి పెట్టేశా.

అకౌంట్స్_అక్క
చెప్పా కదా.

బెంజిసర్కిల్_బాస్
ఇంత గొడవ ఎందుకు, నేనైతే అడ్వాన్స్‌కి ఒక టాక్స్ ఇన్‌వాయిస్ కొడతా, సరుకు పోయేటప్పుడు మిగతా సగానికి ఇంకో టాక్స్ ఇన్‌వాయిస్ కొడతా. ప్రొఫార్మా జోలికే పోను. అడ్వాన్స్ తీసుకుంటే ఎలాగూ జీఎస్టీ కట్టాలి కదా.

టాలీ_తాత
బాస్ గారూ మీరేం అమ్ముతారు?

బెంజిసర్కిల్_బాస్
ఇన్వర్టర్లు, బ్యాటరీలు. ఎందుకు?

టాలీ_తాత
సరుకు అమ్మేవాళ్ళకి అడ్వాన్స్ మీద జీఎస్టీ లేదండి. 2017 నవంబర్ 15 నుంచి తీసేశారు, కాంపోజిషన్ వాళ్ళ సంగతి వేరు. సేవలకే ఇప్పటికీ అడ్వాన్స్ వచ్చినప్పుడే కట్టాలి. మీరు ఇన్నేళ్ళూ సర్కారుకి ముందే కట్టి వడ్డీ లేని అప్పు ఇస్తున్నారన్నమాట.

ఇంకోటి, సగం సరుకు అనేది ఏదన్నా పోయిందా మీ మొదటి బిల్లు రోజున? లేదు. మరి ఆ బిల్లులో పరిమాణం ఏమని రాశారు, అర బ్యాటరీ అనా?

కృష్ణలంక_కుర్రోడు
అర బ్యాటరీ 😂😂 తాత ఇవాళ ఫామ్‌లో ఉన్నాడు

బెంజిసర్కిల్_బాస్
"1 సెట్టు, పార్ట్ పేమెంట్" అని రాస్తా. ఇన్నేళ్ళలో ఎవరూ అడగలా.

లబ్బీపేట_లెన్స్
తాతగారు చెప్పిన సేవలది నా కేసు. హోటళ్ళకి, షోరూములకి ఫోటో షూట్లు చేస్తా. లక్ష పనికి 1,18,000కి ప్రొఫార్మా పంపా, సగం 59,000 పడింది. షూట్ రెండు నెలలు వాయిదా పడింది కదా, అప్పుడు బిల్లు కొట్టి కడదాం అనుకుని ఊరుకున్నా. ఆడిటర్ తిట్టాడు. 59,000లో 9,000 జీఎస్టీ, అది డబ్బు పడిన నెల లెక్కలోనే చూపించాలంట. టాక్స్ ఇన్‌వాయిస్ అప్పుడే కొట్టక్కర్లేదు, రిసీట్ వోచర్ ఇస్తే చాలు, పని అయిపోయాక 30 రోజుల్లో టాక్స్ ఇన్‌వాయిస్. అప్పుడు 18,000లో ముందు కట్టిన 9,000 పోను మిగతాది. రాక్స్ అన్నకి ఈ బాధ లేదు, ఇనుము కాబట్టి.

ఆటోనగర్_రాక్స్
నాకు వేరే బాధ ఉందిగా. తాతగారూ ఇప్పుడు దారేంటి?

టాలీ_తాత
రెండు దారులు, ఏది అనేది మీ ఆడిటరే తేల్చాలి ఎందుకంటే ఇక్కడ ఆడిటర్లలోనే రెండు పార్టీలు.

ఒకటి జీఎస్టీఆర్-1ఏ. 2024 నుంచి వచ్చింది. జీఎస్టీఆర్-1 ఫైల్ చేశాక, అదే నెల టాక్స్ కట్టే రిటర్న్ 3బి ఫైల్ చేసేలోపు తప్పు సరిదిద్దుకునే కిటికీ. అందులో బిల్లుని పూర్తిగా తీసేయడం అంటూ ఉండదు, సవరించడమే. విలువ సున్నా చేసి పెట్టేస్తాం అనేవాళ్ళున్నారు. అలా చేస్తే ఈ నెలే టాక్స్ తగ్గుద్ది.

రెండోది క్రెడిట్ నోట్, అంటే కొట్టిన బిల్లు విలువ తగ్గించే కాగితం. ఈ నెల తేదీతో 1,02,000 ప్లస్ 18,360కి క్రెడిట్ నోట్ ఇచ్చి, వచ్చే నెల జీఎస్టీఆర్-1లో చూపిస్తారు. అంటే ఈ 20కి 18,360 బాధ్యత అలాగే ఉంటుంది, వచ్చే నెల తగ్గుద్ది. మొత్తం జేబులోంచి కట్టాలని ఏం లేదు, మీరు స్టీల్ కొన్న దాని మీద క్రెడిట్ ఎంతుందో చూసుకోండి. అది పోను మిగతాదే నగదు.

సరుకే కదలనప్పుడు క్రెడిట్ నోట్ అనేది సెక్షన్ 34లో పడుద్దా అని వాదించేవాళ్ళు ఉన్నారు. నేను పనిచేసినన్నాళ్ళూ క్రెడిట్ నోటే వేశా, ఎవరూ ఏమీ అనలేదు, కానీ "ఎవరూ అనలేదు" అనేది బాస్ గారి వాదన కూడా కదా, అందుకని గట్టిగా చెప్పను.

ఏమీ చేయకుండా మాత్రం వదిలేయకండి. సరుకు పోకుండా టాక్స్ ఇన్‌వాయిస్ ఒకటి తిరుగుతా ఉంటే అది దొంగ బిల్లు లెక్కలోకి పోయిద్ది.

ఆటోనగర్_రాక్స్
స్టీల్ మీద క్రెడిట్ 11 వేల చిల్లర ఉందంట. అంటే 7 వేల పైన నగదు. 18 కంటే నయం.

బ్రాడీపేట_ప్రెస్
ఇవన్నీ ఆడిటర్ చూసుకుంటాడు, అసలు మెయిల్ ఎలా రాయాలో ఎవరన్నా చెప్పండి. నాకూ ఇదే గొడవ. మాది ప్రింటింగ్, పార్టీ "బిల్లు పంపండి" అంటాడు. బిల్లు అంటే వాడి ఉద్దేశం కొటేషనో, ప్రొఫార్మానో, బిల్లో తెలీదు.

అకౌంట్స్_అక్క
నేను రోజూ అందుకునే దాన్ని కాబట్టి నాకు ఎలా వస్తే బాగుంటదో రాస్తా. ఇక్కడ తెలుగులో రాస్తున్నా, మీరు ఇంగ్లీషులో పంపుకుంటారో ఎలా పంపుకుంటారో మీ ఇష్టం. రాక్స్ తమ్ముడూ, కొత్త లెక్క చెప్పు ముందు. ఎన్ని, ఎంత?

ఆటోనగర్_రాక్స్
8 రాక్‌లు, ఎత్తు పెరిగింది కాబట్టి ఒక్కోటి 9,200. మొత్తం 73,600, జీఎస్టీ 13,248, కలిపి 86,848. సగం అడ్వాన్స్ 43,424.

అకౌంట్స్_అక్క
ముందు పాత దానికి విడిగా మెయిల్. కొత్త ప్రొఫార్మాతో కలపొద్దు, కలిపితే చదివేవాళ్ళకి ఏది చెల్లేది ఏది చెల్లనిదో అర్థం కాదు.

సబ్జెక్ట్: పొరపాటున పంపిన టాక్స్ ఇన్‌వాయిస్ గురించి, నంబరు ఫలానా, తేదీ 27
"మా వైపు పొరపాటు వల్ల 27న ప్రొఫార్మాకి బదులు 1,20,360 రూపాయల టాక్స్ ఇన్‌వాయిస్ మీకు వచ్చింది. దాని మీద సరుకు పంపలేదు, మీ నుంచి డబ్బు రాలేదు. దయచేసి దాన్ని కొనుగోలు కింద రాయవద్దు, ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకోవద్దు. ఇప్పటికే రాసి ఉంటే తెలియజేయండి. సవరణ కాగితం తేదీ ఫలానాలోగా పంపిస్తాం."

"ఇప్పటికే రాసి ఉంటే తెలియజేయండి" అన్న ముక్క వదలొద్దు. క్రెడిట్ తీసేసుకున్న పార్టీ అయితే తర్వాత వాళ్ళు వెనక్కి కట్టాలి, అప్పుడు తిట్లు మీకే.

ఇక కొత్త ప్రొఫార్మా.

సబ్జెక్ట్: ప్రొఫార్మా PI/041, 8 స్టీల్ రాక్‌లు, అడ్వాన్స్ 43,424 కోసం
"మీరు ఫోన్లో చెప్పిన మార్పుల ప్రకారం 8 రాక్‌లకి ప్రొఫార్మా జతచేశాం. జీఎస్టీతో మొత్తం 86,848. ఇందులో సగం 43,424 అందిన రోజు నుంచి పని మొదలుపెట్టి 12 రోజుల్లో సరుకు పంపిస్తాం. స్టీల్ రేటు మారుతూ ఉంటుంది కాబట్టి ఈ రేటు 7 రోజుల వరకే. ఇది టాక్స్ ఇన్‌వాయిస్ కాదు, టాక్స్ ఇన్‌వాయిస్ సరుకుతో పాటు వస్తుంది. ప్రొఫార్మాలో ఉన్న మీ పేరు, అడ్రసు, జీఎస్టీ నంబరు సరిగ్గా ఉన్నాయో లేదో చూసి చెప్పండి, బిల్లు దాని ప్రకారమే వస్తుంది."

అంతే. సబ్జెక్ట్‌లోనే ఏ కాగితమో, ఏ సరుకో, నేను ఏం చేయాలో తెలిసిపోయింది. ఇది వస్తే నేను పేమెంట్ రిక్వెస్ట్‌లో పెడతా, కొనుగోలు పుస్తకం తెరవను. పాత ప్రొఫార్మా ఏదన్నా తిరుగుతా ఉంటే "దీని ముందు పంపినది రద్దు" అని ఒక లైను కలపండి.

బ్రాడీపేట_ప్రెస్
జీఎస్టీ నంబరు చూసి చెప్పండి అనేది సూపర్ అక్కా. మాకో పార్టీకి హైదరాబాదులో ఒక రిజిస్ట్రేషన్, ఇక్కడ ఒకటి. మేం 36తో మొదలయ్యే తెలంగాణ నంబరు మీద కొట్టాం, వాళ్ళకి కావాల్సింది మన 37ది. ఐజీఎస్టీ వేసేశాం, మళ్ళీ క్రెడిట్ నోట్, మళ్ళీ బిల్లు. ప్రొఫార్మా దగ్గరే అడిగుంటే అయిపోయేది.

లబ్బీపేట_లెన్స్
బ్యాంకు అకౌంటు నంబరు మెయిల్లో రాయాలా?

అకౌంట్స్_అక్క
ప్రొఫార్మా కాగితంలోనే ఉంచండి, మెయిల్లో మళ్ళీ రాయక్కర్లేదు. ఎవరో మధ్యలో దూరి "మా అకౌంటు మారింది" అని మెయిల్ పెట్టే మోసాలు బాగా ఎక్కువయ్యాయి. అకౌంటు మారితే మేం పాత ఫోన్ నంబరుకి చేసి అడిగి గానీ డబ్బు వేయం.

టాలీ_తాత
అక్కయ్య గారి మెయిల్ బాగుంది. టాలీ వైపు ఒక మాట. సేల్స్ వోచర్ తెరిచి Ctrl+L కొడితే ఆప్షనల్ అయిపోద్ది, ప్రింట్ తీస్తే పైన ప్రొఫార్మా ఇన్‌వాయిస్ అనే వస్తుంది, లెడ్జర్లలోకి గానీ జీఎస్టీ రిటర్న్‌లోకి గానీ పోదు. మీ కుర్రోడు మరిచిపోయింది ఆ ఒక్క కీ. కానీ ఒక్క కీ మీద వ్యాపారం నడపకూడదు. ప్రొఫార్మాకి విడిగా ఒక వోచర్ టైప్, విడిగా PI వరస నంబర్లు పెట్టేయండి. అప్పుడు నంబరు చూడగానే తెలిసిపోద్ది. అసలు బిల్లు నంబర్లతో కలవదు, వరస చెడదు.

ఆటోనగర్_రాక్స్
ఇది రేపే చేయిస్తా. మరి సరుకు పోయే రోజు టాక్స్ ఇన్‌వాయిస్ మిగతా 43,424కే కొట్టాలా? అడ్వాన్స్ అప్పటికే వచ్చేసి ఉంటుంది కదా.

టాలీ_తాత
కాదు కాదు. అందరూ పడే గుంట ఇదే. బిల్లు పూర్తి సరుకుకి, 73,600 మీద 13,248. మొత్తం 86,848 చూపించి, దాని కింద "తీసివేత: ఫలానా తేదీన వచ్చిన అడ్వాన్స్ 43,424, రావాల్సింది 43,424" అని రాయండి. టాక్స్ లెక్క ఎప్పుడూ సరుకు విలువ మీద, మిగిలిన బాకీ మీద కాదు. మూడు కాపీలు, ఒరిజినల్ పార్టీకి, రెండోది లారీతో, మూడోది మీ ఫైల్లో. మెయిల్లో బాకీ అంకె ఒక్కటే పెద్దగా రాయండి, లేకపోతే వాళ్ళు 86,848 మళ్ళీ వేసినా వేస్తారు.

కృష్ణలంక_కుర్రోడు
వేస్తే వద్దంటామా తాతా

అకౌంట్స్_అక్క
రెండోసారి వేసి వెనక్కి అడిగేటప్పుడు ఎంత తిప్పలో మాకు తెలుసు తమ్ముడూ.

టాక్స్ ఇన్‌వాయిస్ మెయిల్ ఇలా అయితే చాలు:
సబ్జెక్ట్: టాక్స్ ఇన్‌వాయిస్ ఫలానా నంబరు (మీ ప్రొఫార్మా PI/041), బాకీ 43,424
"8 రాక్‌లు ఇవాళ ఫలానా బండిలో బయలుదేరాయి. టాక్స్ ఇన్‌వాయిస్, ఈ-వే బిల్లు జతచేశాం. మొత్తం 86,848, ఫలానా తేదీన అందిన అడ్వాన్స్ 43,424 పోను బాకీ 43,424. సరుకు దిగాక లెక్క చూసుకుని చెప్పండి."

ప్రొఫార్మా నంబరు ఇందులో వేస్తే మేం పాత అడ్వాన్స్‌ని దీనికి జత చేసుకుంటాం. వేయకపోతే అడ్వాన్స్ ఒక చోట, బిల్లు ఒక చోట వేలాడుతూ ఉంటాయి, సంవత్సరం చివర మీకు ఫోన్ చేసి లెడ్జర్ పంపమంటాం.

బెంజిసర్కిల్_బాస్
విజయవాడ నుంచి గుంటూరుకి ఈ-వే బిల్లు ఎందుకు, 50 కిలోమీటర్లలోపు అక్కర్లేదు.

టాలీ_తాత
అది వేరండి. మన షెడ్డు నుంచి ట్రాన్స్‌పోర్టు ఆఫీసు దాకా 50 కిలోమీటర్లలోపు అయితే బండి నంబరు వేయక్కర్లేదు అనేది రూలు. ఈ-వే బిల్లే వద్దని కాదు. ఇక్కడ 50,000 దాటింది, పైగా సరుకు నేరుగా పార్టీకి పోతోంది. తీయాల్సిందే.

బెంజిసర్కిల్_బాస్
ఇవాళ నాకు అన్నీ తప్పులే పడుతున్నాయి. సరే, అడ్వాన్స్‌ల సంగతి మా ఆడిటర్‌ని అడుగుతా.

తేజ_మిర్చి_గుంటూరు
నాకొక డౌటు, ఎక్స్‌పోర్ట్ కాదులే, ఇక్కడిదే. కొన్ని పార్టీలు, ముఖ్యంగా మార్చిలో, "టాక్స్ ఇన్‌వాయిస్ ఇస్తేనే డబ్బు వేస్తాం, ప్రొఫార్మా మీద వేయం, మా బడ్జెట్ ఈ నెలే అయిపోవాలి" అంటారు. సరుకు ఏప్రిల్‌లో పోతుంది. అప్పుడేం చేస్తారు మీరంతా?

బ్రాడీపేట_ప్రెస్
మేం ఇచ్చేస్తాం. డబ్బు వస్తుందని నమ్మకం ఉన్న ఆఫీసు అయితేనే. టాక్స్ మనం ముందు కడతాం, ఏం చేస్తాం, ఇవ్వకపోతే ఆర్డరు పక్క ప్రెస్సుకి పోయిద్ది.

టాలీ_తాత
నేను వద్దంటా. మార్చి 31 తేదీతో బిల్లు, సరుకు ఏప్రిల్ చివర, మధ్యలో ఆర్డరు తగ్గితే రాక్స్ గారి కథే మళ్ళీ.

అకౌంట్స్_అక్క
తాతగారు చెప్పింది రూలు, ప్రెస్ అన్న చెప్పింది బతుకు. మా ఆఫీసులోనూ మార్చిలో అడుగుతారు, నేనే అడుగుతా. తప్పని తెలిసీ.

లబ్బీపేట_లెన్స్
మాకైతే ప్రొఫార్మా మీద వేయని పార్టీ ఫైనల్ బిల్లు మీద కూడా సరిగ్గా వేయదు అని అనుభవం. 

ఆటోనగర్_రాక్స్
అప్‌డేట్. ఆడిటర్ 1ఏ వద్దు, క్రెడిట్ నోటే అన్నాడు, 20కి నగదు 7 వేల చిల్లర కడుతున్నా. పొరపాటు మెయిల్ అక్క చెప్పినట్టే పెట్టా, పది నిమిషాల్లో వాళ్ళ అకౌంట్స్ నుంచి "నోట్ చేసుకున్నాం, పెండింగ్‌లో పెట్టాం" అని వచ్చింది. కొత్త ప్రొఫార్మా PI/041 మధ్యాహ్నం నేనే కొట్టి నేనే పంపా, కుర్రోడిని పక్కన కూర్చోబెట్టుకుని Ctrl+L పది సార్లు కొట్టించా. ఇప్పుడు వాడు తెల్లారి టీ బిల్లుకి కూడా Ctrl+L అంటున్నాడు.

కృష్ణలంక_కుర్రోడు
టీ కొట్టువాడు ప్రొఫార్మా మీద టీ పోస్తే నాకూ చెప్పండి

ఆటోనగర్_రాక్స్
మూడు రోజుల తర్వాత మళ్ళీ వచ్చా. అడ్వాన్స్ 43,424 పొద్దున పడింది, షెడ్డులో కటింగ్ మొదలైంది. దాంతో పాటే వాళ్ళ ఓనర్ నుంచి ఒక మెసేజ్: "అడ్వాన్స్ వేశాం, ఇన్‌వాయిస్ పంపండి". ఏ ఇన్‌వాయిసండి అని అడిగా. ఇంకా రిప్లై రాలా.